ఆరు గంటలకే... కానీ ఎవరి ఆరు?

విదేశీ తెలుగు సంఘాల సాంస్కృతిక సాయంత్రం ప్రకటనలో అధ్యక్షుడి ఫొటో అరచేయంత ఉంటుంది. పక్కన కార్యవర్గం, ఆ పక్కన దాతలు. వేళ మాత్రం మూలన చీమంత అక్షరాల్లో ‘సా. 6 గం. సీఎస్‌టీ’.

తిరకాసు అక్కడే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. అక్కణ్నుంచి నవంబరు మొదటి ఆదివారం దాకా డాలస్‌లో నడిచేది సీడీటీ. పాత పోస్టర్‌లో తేదీ మార్చిన చేతులు ఆ ఒక్క అక్షరం జోలికి పోవు. 2026 మార్చి 28, శనివారం ఉగాది వేడుక అనుకుందాం. డాలస్‌లో సాయంత్రం ఆరంటే విజయవాడలో ఆదివారం తెల్లవారుజామున 4:30. పోస్టర్‌ను నమ్మి సీఎస్‌టీ లెక్క కట్టిన అమ్మమ్మకు 5:30. మనవరాలి కూచిపూడి లైవ్‌లో చూద్దామని ఆవిడ ఫోన్ తెరిచేసరికి పిల్ల గజ్జెలు విప్పేసి పులిహోర తింటూ ఉంటుంది. కార్యక్రమం సమయానికి మొదలైతేనే లెండి, ఆ భయం తక్కువ.

టికెట్ సంగతీ అంతే. ‘25 డాలర్లు మాత్రమే’ అంటారు. అది మనిషికో, కుటుంబానికో, భోజనంతో కలిపో చెప్పరు. ఆన్‌లైన్ రుసుము చివరి పేజీలో పలకరిస్తుంది. ఎన్నేళ్లలోపు పిల్లలకు ఉచితమో గేటు దగ్గర తేలుతుంది.

నిజానికి కావలసింది రెండు ముక్కలే: ‘శనివారం సాయంత్రం 6, డాలస్ సమయం, భారత్‌లో ఆదివారం తెల్లవారుజామున 4:30. పెద్దలకు 25 డాలర్లు, భోజనంతో సహా, అయిదేళ్లలోపు ఉచితం.’ ఇది పట్టాలంటే పోస్టర్‌లో ఒక్క ఉపాధ్యక్షుడి ఫొటో తీసేయాలి. ఆ తీర్మానానికి కోరం దొరకదు.