రిపోర్టు రాయుడు

జిల్లా కేంద్రంలో జిరాక్సు షాపు పక్కన కుర్చీ వేసుకున్న రిపోర్టు రాయుడికి లెక్కలు రావని కొందరంటారు. అది అపవాదు. లెక్కలు రావడమే కాదు, వెనక నుంచి ముందుకు కూడా వస్తాయి. ముందు వాయిదా ఎంతో తేలుస్తాడు, దాన్ని కట్టడానికి ఎంత లాభం కావాలో చూస్తాడు, ఆ లాభానికి తగినంత అమ్మకం రాసేస్తాడు. పీఎంఈజీపీ కింద కారం మిల్లు పెట్టబోయే పల్లెటూరి మహిళకైనా, పేపరు ప్లేట్ల కుర్రాడికైనా ఆయన దగ్గర కొలత ఒకటే. కారం మిల్లు రిపోర్టులో ఎక్కడో ‘కోడిపిల్లలకు సకాలంలో టీకాలు వేయించబడును’ అని కనిపిస్తే అది పాత ఫైలు గుర్తు.

ఆమె ప్రాజెక్టు 10 లక్షలనుకుందాం. గ్రామీణ మహిళ కనుక సొంత వాటా 5 శాతం, అంటే 50 వేలు. సబ్సిడీ 35 శాతం, అంటే మూడున్నర లక్షలు. ఈ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే డిపాజిట్‌గా ఉండి, తనిఖీ అయ్యాక అప్పులో జమవుతుంది. అంతవరకు దానికి వడ్డీ రాదు, అంతమేర అప్పుకు వడ్డీ పడదు. నికరంగా తీర్చాల్సింది 6 లక్షలు. ఆరు నెలల విరామం పోను 54 వాయిదాలు, 11 శాతం వడ్డీ అనుకుంటే మొదటి వాయిదా సుమారు 16,600. ఇంతవరకు రాయుడు నిక్కచ్చి.

తేడా అంతా ఖర్చుల పట్టికలో ఉంది. యంత్రాలకు 7 లక్షలు, షెడ్డుకు 2 లక్షలు వేసి, నిర్వహణ పెట్టుబడికి లక్ష మిగిల్చాడు. అమ్మకాల పేజీలో మాత్రం నెలకు 25 రోజులు, రోజుకు 100 కిలోల కారం. మిరపకాయలు కిలో 200 అనుకుంటే ఆ లక్షకు 500 కిలోలు, అంటే ఐదు రోజుల సరుకు. తొడిమలు తీస్తే అదీ తగ్గుతుంది. కిరాణా కొట్లు నెల తర్వాత డబ్బిస్తే ఆ లక్ష నెలకొక్కసారే తిరుగుతుంది. రిపోర్టు ప్రకారం వాయిదాకు కిలోకు ఏడు రూపాయలు మిగిలితే చాలు. 500 కిలోల మీదైతే 33 మిగలాలి.

యంత్రాల ధర పెంచితే సబ్సిడీ పెరుగుతుంది కదా అని ఆయన సమర్థన. నిజమే, ప్రతి అదనపు లక్షకు 35 వేలొస్తాయి. వాటి వెంట 60 వేల అప్పూ వస్తుంది. బ్యాంకు చూసేది అప్పు తీర్చే నిష్పత్తినే అన్న వాదనలోనూ కొంత న్యాయముంది. ఆ నిష్పత్తి ఒకటిన్నర దాటకపోతే ఫైలు కదలడం కష్టం. అయితే అదే 10 లక్షల్లో యంత్రాలను 5 లక్షలకు దించి, పెట్టుబడికి 3 లక్షలుంచితే నెలకు 1,500 కిలోలు ఆడతాయి, వాయిదాకు కిలోకు 11 చాలు. అప్పుడు రోజుకు 60 కిలోలని రాయాలి. రాయుడి కలం అక్కడే మొరాయిస్తుంది. అరవై రాస్తే కొటేషన్ ఇచ్చిన పెద్ద యంత్రం ఎందుకని అడుగుతారు, ఆ కొటేషన్ ఇచ్చిన దుకాణం ఆయన బావమరిదిది.