మీరు స్పృహ తప్పారనుకోండి

మా ఇంట్లో ఆర్థికశాఖ నాది. ఆడిట్ మాత్రం మా ఆవిడది. ఈ ఏర్పాటులో నాకు జీతం లేదు, తిట్లు మాత్రం నెలనెలా వేళకి అందుతాయి.

నెలకి 45,000 ఖర్చయ్యే కొంప కాబట్టి, ఆరు నెలలకి సరిపడా 2,70,000 అత్యవసర నిధి కింద పక్కన పెట్టాను. పెట్టాను అనడం కంటే, పెట్టినట్టు పదిమందికీ చెప్పుకుంటూ తిరిగాను అనడం నిజం. ఓ ఆదివారం చిక్కుడుకాయలు ఒలుస్తూ మా ఆవిడ అడిగింది.

“ఏవండీ, ఆ డబ్బు ఎక్కడుంది?”

“బ్యాంకులో. నా పేరు మీద ఎఫ్‌డీ. నామినీవి నువ్వే,” అన్నాను దర్పంగా.

“మీరు స్పృహ తప్పారనుకోండి. ఆసుపత్రివాళ్ళు అడ్వాన్సు కట్టమంటున్నారు. నేనెలా తీయాలి?”

“నామినీవి కదా!”

“నామినీకి ఇచ్చేది మీరు పోయాక. మీరు స్పృహ తప్పి మాత్రమే ఉన్నారు.”

ఫోన్లో బ్యాంకు యాప్ ఉంది కదా అన్నాను. ఓటీపీ వచ్చేది నా ఫోన్‌కేనట, ఆ ఫోన్ తెరుచుకునేది నా వేలితోనట. “ఐసీయూలోకి వచ్చి మీ వేలు పట్టుకుని ఆనించాలా?” అంది. ఆ దృశ్యం ఆమెకి అంత స్పష్టంగా కనిపించడం నాకు నచ్చలేదు.

మర్నాడే బ్యాంకుకి వెళ్ళి, ఇద్దరి పేర్ల మీదా “ఎయిదర్ ఆర్ సర్వైవర్” పద్ధతిలో ఎఫ్‌డీ మార్చేద్దామన్నాను. ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చని దానర్థం. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి మర్యాదగా ఓ మాట చెప్పింది. గడువు తీరాక తీసుకోవడానికైతే ఒక్క సంతకం చాలు. గడువుకి ముందే విరగ్గొట్టాలంటే మాత్రం, ఇద్దరూ బతికున్నంతకాలం ఇద్దరి సంతకాలూ అడగొచ్చు. అంటే నేను స్పృహ తప్పితే ఆ కాగితం మీద సంతకం పెట్టడానికి మళ్ళీ నేనే లేవాలి. మా ఆవిడ నావైపు చూడలేదు. చూడకపోవడంలోనే అంతా ఉంది.

దీనికి విరుగుడు కూడా ఆ అమ్మాయే చెప్పింది. ఉమ్మడి పొదుపు ఖాతాకి స్వీప్ ఏర్పాటు పెట్టుకోవడం. ఖాతాలో మనం చెప్పిన మొత్తం మాత్రమే ఉంటుంది, అంతకు మించినది ముక్కలుగా ఎఫ్‌డీల్లోకి వెళ్తుంది. కార్డు గీకినా, ఏటీఎంలో తీసినా, ఖాతాలో చాలకపోతే తరుగుపడిన మేరకే డిపాజిట్ దానంతటదే విరుగుతుంది. ఎక్కువ బ్యాంకుల్లో వెయ్యి చొప్పున విరుగుతుంది, మిగతాది పాత వడ్డీతోనే సాగుతుంది. ఎవరి సంతకమూ అక్కర్లేదు. ఏ డిపాజిట్ ముందు విరగాలో అడిగి, ఆఖరున వేసినది ముందు విరిగేట్టు పెట్టించుకుంటే మంచిది. పాతవాటికి పోగైన వడ్డీ చెడదు.

ఎఫ్‌డీ విరగ్గొట్టడం అంటే మా వంశంలో మహాపాపం. మా నాన్నగారు వడ్డీకి అప్పు తెచ్చుకునేవారు గానీ ఎఫ్‌డీని ముట్టుకునేవారు కాదు. అసలు ఎంత పోతుందో నేనే కాగితం మీద వేసి చూశాను. లక్ష రూపాయలు ఏడాదికి 6.5 శాతానికి వేసి, నాలుగు నెలలకే తీశామనుకోండి. బ్యాంకు నాలుగు నెలల డిపాజిట్ రేటే ఇస్తుంది, అది 5.25 అనుకుందాం, జరిమానా ఒక శాతం. 4.25 చొప్పున నాలుగు నెలలకి దాదాపు 1,416 వస్తుంది. అదే డబ్బు పొదుపు ఖాతాలో 2.5 శాతానికి ఊరికే పడుంటే వచ్చేది 833. అసలుకి పైసా తరగదు. ఇంత చిన్న జరిమానాకి భయపడి మూడు తరాలు అప్పులు చేశాయి.

ఇక ధరల సంగతి. ద్రవ్యోల్బణానికి ప్రభుత్వం రిజర్వు బ్యాంకుకి పెట్టిన లక్ష్యం 4 శాతం. ఆ లెక్కన నా 2,70,000కి ఏడాది తిరిగేసరికి 10,800 పెరిగితేగానీ, ఈ రోజు కొనగలిగినవే రేపూ కొనలేను. మొత్తం పొదుపు ఖాతాలోనే ఉంచితే 6,750 వస్తుంది. అంటే దాచిన డబ్బు దాచినచోటే 4,050 చిక్కిపోతుంది.

కాబట్టి మంత్రివర్గ సమావేశంలో, అంటే వంటింట్లో, ఇలా తేలింది. ఉమ్మడి ఖాతాలో 40,000. దాని వెనక స్వీప్‌లో 1,50,000. మిగతా 80,000 లిక్విడ్ ఫండ్‌లో, డబ్బు వెనక్కి వచ్చేటప్పుడు ఆ ఉమ్మడి ఖాతాలోకే పడేట్టు. లిక్విడ్ ఫండ్లు 91 రోజులకి మించని పత్రాల్లోనే పెడతాయి గనక పెద్దగా ఊగిసలాట ఉండదు. వేసిన మొదటి ఆరు రోజుల్లో తీస్తే నామమాత్రపు రుసుము ఉంటుంది. మామూలుగా తీస్తే మర్నాటి పనిదినానికి అందుతుంది. కొన్ని ఫండ్లు వెంటనే ఇచ్చే సౌకర్యం కూడా పెట్టాయి గానీ, రోజుకి 50,000 లేదా ఉన్నదాంట్లో 90 శాతం, ఏది తక్కువైతే అంతే. అందుకే అది మొదటి రోజు డబ్బు కాదు, రెండో వారం డబ్బు.

ఏడాదికి పొదుపు ఖాతాలో వెయ్యి, స్వీప్‌లో 6.5 శాతం చొప్పున 9,750, లిక్విడ్ ఫండ్‌లో ఆరు శాతం అనుకుంటే 4,800. వెరసి 15,550. నాది 20 శాతం పన్ను శ్లాబు, సెస్‌తో కలిపి 20.8. అది పోగా 12,316. అందులో ధరలకి 10,800 సమర్పించుకుంటే మిగిలేది 1,516 రూపాయలు. ఏడాదంతా ఆర్థికశాఖ నడిపిన ఫలితం ఇది. పాలవాడి బిల్లుకి కూడా నిండదు. అయినా ఓడిపోలేదు కదా అన్నాను. “గెలిచినట్టు మాట్లాడకండి,” అంది ఆడిట్.

ఈ 1,516ని పెంచుదామని మా బావమరిది ఓ సహకార బ్యాంకు పేరు తెచ్చాడు. తొమ్మిది శాతమట, పైగా ఐదు లక్షల దాకా బీమా ఉందట. బీమా నిజమే. ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి ఐదు లక్షల దాకా. కానీ 2019 సెప్టెంబరులో పీఎంసీ బ్యాంకు మీద ఆంక్షలు పడ్డప్పుడు ఖాతాదారులు మొదట తీసుకోగలిగింది వెయ్యి రూపాయలే. 2021లో చట్టం మార్చాక బీమా సొమ్ము 90 రోజుల్లో చేతికివ్వాలి. డబ్బు భద్రమే, కానీ మా ఆసుపత్రి 90 రోజులు ఆగుతుందా? బావమరిది కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

అన్నీ కుదిరాక మా ఆవిడ రిహార్సల్ పెట్టింది. నన్ను సోఫాలో స్పృహ తప్పమంది. ఈ పని నేను అద్భుతంగా చేస్తాను, ఆదివారాలు సాధన ఉంది. ఖాతాలో 40,000 ఉండగా తన కార్డుతో, తన ఫోన్‌తో 42,000 వేరే ఖాతాలోకి పంపింది. వెళ్ళింది. స్వీప్‌లోంచి 2,000 విరిగినట్టు సందేశం తన నంబరుకే వచ్చింది. పరీక్ష పాసయ్యాం.

అదే స్టేట్‌మెంట్‌లో కింద ఇంకో రెండు వరసలు కూడా కనిపించాయి. స్వీప్‌లో ఉన్న చిక్కే అది. ఆసుపత్రికీ బిర్యానీకీ దానికి తేడా తెలియదు, కార్డు ఎవరు గీకినా నోరు మెదపకుండా విరిగి ఇచ్చేస్తుంది. నేను ఆ ఖాతాని నా యూపీఐకి తగిలించి ఉంచాను. అంతకు ముందు శనివారం రాత్రి, ఖాతాలో ఆ 40,000 ఇంకా వేయకముందు, ఇద్దరు మిత్రులతో తిన్న బిర్యానీ ఎఫ్‌డీ నుంచి వచ్చినట్టు బ్యాంకు భాషలో నమోదై ఉంది.

అప్పట్నుంచి ఆ ఖాతా నా ఫోన్లో లేదు. కార్డు బీరువాలో, తాళం ఆమె దగ్గర. నిన్న నా స్కూటర్ వెనక టైరు పేలింది. అది అత్యవసరమేనని వాదించాను. టైరుకి స్పృహ ఉందా లేదా అని అడిగింది.