పరామర్శక మహాశయుడు

మరణవార్త చెవిని బడగానే పరుగున బోయి పాడె పట్టువారు కొందఱు, పదవనాటి భోజనపు వేళకు సరిగా వచ్చి చేరువారు కొందఱు. దూరమున నుండి ఏ రీతిని పలకరించిన ఔచిత్యభంగము కాకుండునో తేల్చుకొనజాలక, చేతిలోని ఫోనును ఇటు నటు త్రిప్పుచు పూటలు గడుపువారు మఱికొందఱు. ఈ మూడవ తెగ యిటీవల పుట్టినది. వెనుకటి దినములలో దూరస్థునకు కార్డుముక్కయో టెలిగ్రామో తప్ప గత్యంతరము లేదు. టెలిగ్రామునకు మాటకింత యని రుసుముండుటచే సంతాపము సైత మొడలు దగ్గఱ పెట్టుకొని మాటలాడెడిది. ఆ టెలిగ్రాముల సేవ మన దేశమున 2013 జూలైలో మూతపడెను. ఆ మఱునెలయందే వాట్సాప్‌లో గొంతు పట్టి పంపు సౌకర్యము వెలసెను. మాటకు వెల యుండిన యుగమునకును, మాటకు హద్దు లేని యుగమునకును నడుమ నున్న ఆ సందులోనుండి యుద్భవించినవాడే మన పరామర్శక మహాశయుడు.

ఇతడు చెడ్డవాడు కాడు. ప్రభుత్వ కార్యాలయమున చిత్తుప్రతులు దిద్దుచు తల నెరసిన విశ్రాంతోద్యోగి. అందువలననే కాబోలు, ఇతరులకు నోటి చివర నుండు మాట యితనికి ఫైలు దాటిగాని రాదు.

కాకినాడలో నున్న పూర్వ సహోద్యోగి తండ్రిగారు, తొంబదియొక్క యేండ్ల వృద్ధులు, రెండేండ్లు మంచము పట్టి యుండి, యొకనాటి తెల్లవాఱుజామున కాలము చేసిరని పాత యుద్యోగుల గ్రూపులో వార్త వచ్చెను. తెల్లవాఱునప్పటికి దాని క్రింద ‘ఓం శాంతి’లు బారులు తీఱెను. ఒకడు వ్రాసినదాని నింకొకడు నకలు తీసి యంటించిన ఆ వరుసలో తానొకడై చేరుట హైదరాబాదులోని మన మహాశయునకు మనస్కరింపలేదు. స్వహస్తముతో విడిగా వ్రాయ నిశ్చయించి, ‘తమ తండ్రిగారి ఆకస్మిక మరణవార్త విని దిగ్భ్రాంతి చెందితిని’ అని మొదలుపెట్టెను. రెండేండ్లు మంచమున నున్నవారి మరణ మాకస్మిక మెట్లగును? ఆ మాట చెఱిపెను. ఆకస్మికము కానిదానికి దిగ్భ్రాంతి యేల? అదియు చెఱిపెను. ‘పండిన ఆకు రాలినది’ అని వ్రాసి, కన్నకొడుకుతో అనదగిన మాటయా యిది యని దానిని సైతము తీసివైచెను. ఇట్లు వ్రాయుచు చెఱుపుచు నున్నంతసేపును అవతలివాని తెరపై ‘typing…’ అని కనబడుచునే యుండునని యితనికి తెలియదు. మంచు పెట్టె కొఱకును, వైకుంఠరథము కొఱకును, పురోహితుని కొఱకును ఫోను పట్టుకొని కూర్చున్న ఆ కొడుకు, మాస్టారేమో పెద్ద సంగతియే చెప్పబోవుచున్నారని రెండు మూడుసార్లు చూచి, ఏమియు రాకపోగా ఫోను బావగారి చేతికిచ్చి స్నానమునకు లేచెను.

వ్రాత కుదరదని తేలిన పిమ్మట ఫోను చేసెను. అవతల గంటకు మాఱుగా పెండ్లి మేళముతో కూడిన హుషారైన సినిమా పాట కాలర్ ట్యూన్‌గా మ్రోగనారంభించెను. ఎన్నడో పెట్టించుకొన్న పాట. చావునాడు దానిని మార్పింప నెవ్వనికి తీఱిక యుండును? పాట చరణములోనికి వచ్చునప్పటికి మన మహాశయునకు చెమటలు పట్టెను. అంతలో, ‘హలో’ యనగానే తానేమనవలె నన్న ప్రశ్న యొకటి మొలచెను. బాగున్నారా యనరాదు. ఎట్లు జరిగినదని యడుగుట పరిపాటియే కాని, వేకువనుండి వచ్చిన ప్రతివాడు నదే యడుగగా ఆ కొడుకు తండ్రి కడపటి రాత్రి నెన్నిసార్లు అప్పజెప్పి యుండును? ఈ విచారణ ముగియకమునుపే వ్రేలు తనంత తానే ఎఱ్ఱబొత్తాముపై బడి ఫోను నిలిచిపోయెను. అక్కడ మిస్డ్ కాల్ మిగిలెను. అది వైకుంఠరథము వారిదేమో యని బావగారు వెంటనే తిరిగి చేసెను. ఇతడు మ్రోగుచున్న ఫోను నెదుట బెట్టుకొని, మాట సిద్ధముగా లేదని యెత్తడయ్యెను.

ఇక మిగిలినది వాయిస్ నోటు. వ్రాతవలె సావకాశముండును, పిలుపువలె గొంతుండును, అవతలివాడు మధ్యలో ప్రశ్నింపడు. ఇంతకు మించిన సాధనమేది యని పొంగిపోయెను. మొదటిసారి పలికినప్పుడు వంటయింటి కుక్కరు మూడు కూతలు కూసెను. రెండవసారి భార్య వచ్చి, “ఎవరండీ పోయింది? స్నానం చెయ్యాలా, అక్కర్లేదా?” అని యడిగెను. మూడవసారి డాబా యెక్కి, మైకు గుర్తును పైకి జరిపి తాళము వేసికొని, మూడు నిముషముల నలువది సెకన్లు గద్గదకంఠముతో నిరాఘాటముగా పలికెను. చావింట వెళ్ళివచ్చెదనని యనరాదు గదా. మఱల కలిసెదమనుట యంతకన్న అశుభము. కనుక వీడ్కోలు పలుకకయే ముగించెను.

ఈ సాధనము గుట్టు ఇతడెఱుగడు. వ్రాతను కంటి చివరతో చూచి ప్రక్కన బెట్టవచ్చును. గొంతును వినుటకు ఏకాంతమును, చెవియు, మూడు నిముషముల నలువది సెకన్లును కావలెను. పైగా సందేశము చదివినట్లు నీలిగీటు పడకుండ దాచుకొను వీలున్నను, వాయిస్ నోటు విన్నట్లు తెలియజేయు నీలి మైకును దాచుకొను వీలు లేదు. ఆ నీలము కొఱకు మన మహాశయుడు గడియ కొకసారి ఫోను తెఱచి చూచుచుండెను. అది రాకపోగా, బహుశః సంగతి చాలలేదేమో యని తలంచి యింకొక చిన్న నోటు జోడించెను: “అన్నట్టు మాస్టారూ, పెద్దకర్మ ఏ రోజో చెబితే రైలు టిక్కెట్టు చూసుకుంటాను. భోజనాలు ఇంటి దగ్గరేనా, హాల్లోనా?”

మధ్యాహ్నము బావగారు, పేరుకొని పోయిన గొంతులన్నిటిని తేల్చి వేయ సంకల్పించి, వాకిట పాడె కట్టుచుండగా అరుగుపై కూర్చుండి, ఫోను చెవికి దూరముగా బట్టి రెట్టింపు వేగమున పెట్టెను. డాబాపై సాధన చేసిన గద్గదస్వరము చిలుకపలుకై వెలువడెను. శోకభారముతో విడిచిన నిట్టూర్పులు తుమ్ములవలె వినబడెను. వీడ్కోలు లేని ముగింపునకు, ఇంకేమో చెప్పుననుకొని పెద్దలు ఒక క్షణము చెవియొగ్గిరి. వరుసగా నున్న నోట్లు ఒకదాని వెంట నొకటి తమంతనే పలుకునుగదా. రెండవది యందుకొని భోజనము లెక్కడ నని యడిగెను. వెదురు కోయుచున్నవా డొకడు “హాల్లోనే అని చెప్పండి బావగారూ” అనెను.

ఆ దినముననే ప్రక్కవీథి నుండి యొక యిల్లాలు రెండే వరుసలు వ్రాసి పంపినది: “బాబూ, జవాబు ఇవ్వక్కర్లేదు. శవం లేచాక పన్నెండు మందికి అన్నం, చారు పంపుతున్నాను. గిన్నెలు తొందరలేదు.” శవ మింట నున్నంతవఱకు పొయ్యి వెలిగింపరాదన్న సంగతి ఆమెకు తెలియును, జవాబు వ్రాయు తీఱిక లేదన్నదియు తెలియును. గొంతు పనికిమాలినదని నేననను. చూపు మందగించిన ఆ వృద్ధుని భార్యకు, డల్లాసులోని మనుమడు, రాలేకపోతినని యేడ్చుచు పంపిన అరనిముషపు గొంతే ఆ నాలుగు నాళ్ళును ఆధారమైనది; ఆమె దానిని మనుమరాలిచేత మరల మరల పెట్టించుకొని వినెను. ఆమె చదువలేదు, ఫోనులో వాడు మాటలాడబోయిన ఆమెకు మాట పెగలదు. కాని ఆ గొంతు ఆమెకు పరిచితము, ఆమె వినగోరినది. మన మహాశయుడు తన గొంతు తానే వినగోరి పంపినవాడు.

పదమూడవనాడు చుట్టములందఱును వెళ్ళిపోయిరి. రాత్రి తొమ్మిది దాటిన పిదప, పడకకుర్చీ ఖాళీగా నున్న ఆ యింట ఏమియు తోపక, తండ్రిని గూర్చి యెవరితోనైన నాలుగు మాటలాడవలెనని తోచి, ఆ మిత్రుడే మన మహాశయునకు ఫోను చేసెను. ఇతడు తెరపై పేరు చూచి ఉలిక్కిపడి, కుర్చీలో సరిగా కూర్చుండి, కండ్లజోడు పెట్టుకొని, ఇప్పు డెత్తుటయా, ఆగిన పిదప తిరిగి చేయుటయా, లేక ముందుగా రెండు ముక్కలు వ్రాసి పంపుటయా యని ఆలోచింప మొదలిడెను.