30 సెకన్లలో మిక్సీ అమ్ముడుపోకుండా యాడ్ తీసే చిట్కాలు

పూతలపట్టులో మిక్సీల షాపుకు లోకల్ కేబుల్లో వేయడానికి 30 సెకన్ల యాడ్ ఒప్పుకున్నారా? కథతో ఏడిపించాలా, రుబ్బి చూపించాలా అని బుర్ర బద్దలు కొట్టుకోకండి. రెండూ చేయండి, రెండూ చెడగొట్టండి. పని సగం, బిల్లు పూర్తి.

1. ముందు ఏడిపించండి. కొడుకు తిరుపతి బస్సెక్కుతుంటాడు. అమ్మ సంగటి ముద్ద, ఊరిబిండి కట్టిస్తుంది. కొంగుతో కళ్లొత్తుకుంటుంది. 26 సెకన్లు గడిచిపోయాయి. మిగిలిన 4 సెకన్లలో మిక్సీ బొమ్మ, షాపు పేరు, ఫోన్ నంబరు కుక్కేయండి. అసలు కథలో మాత్రం మిక్సీ నీడ కూడా పడనివ్వకండి. బాగా కుదిరిందో లేదో తేలాలంటే మిక్సీ తీసేసి అక్కడ సెల్‌ఫోన్ పెట్టి చూడండి. కథ చెక్కుచెదరకపోతే మీరు పాసైనట్టే, పైగా అదే యాడ్ రేపు సెల్ షాపుకీ అమ్ముకోవచ్చు. 1980లలో ప్రెస్టీజ్ కుక్కర్ వాళ్లకు ఈ ముందుచూపు లేదు. పెళ్లాం మీద ప్రేముంటే ఈ కుక్కర్ వద్దని ఎలా అంటావని మొగుణ్ణి నిలదీశారు. అక్కడ కుక్కర్ తీసేస్తే కథే లేదు.

2. మిక్సీ తిరగడం చూపించాల్సిందేనని ఓనరు పట్టుబడితే, ఊరిబిండే రుబ్బండి, అదీ మెత్తగా. నాబ్ వెనక్కి తిప్పి వదిలి, తిప్పి వదిలి కచ్చాపచ్చాగా ఆపేయాలని ఇక్కడి ఆడవాళ్లకు తెలుసు. మీరు మూడో స్పీడులో పెట్టి, చెనక్కాయలు నూనె వదిలి బ్లేడు కింద అతుక్కునేదాకా తిప్పండి. ఊరిబిండి తినే ఊరివాళ్లు టీవీ ముందు నుంచి లేచిపోవడానికి అది చాలు.

3. జారు గొంతుదాకా నింపండి. మోటారు మూలిగి ఆగిపోతుంది, అడుగున ఎర్ర బటన్ బయటికొస్తుంది. అక్కడ కట్ చేసి ఇంట్లో రుబ్బి తెచ్చిన జారు పెట్టేయండి. ముందు షాట్‌లో లేని టమాటా గింజలు ఇప్పుడు కనిపిస్తాయా? కనిపించనివ్వండి. మోటారు శబ్దం మీద సన్నాయి వేయండి, లేకపోతే అది తేలిగ్గా తిరుగుతోందో ఈడుస్తోందో చెవికే తెలిసిపోతుంది. కట్ లేకుండా, పక్కన గడియారం పెట్టి ఒకే షాట్‌లో తీయమని ఎవరైనా అంటే ఎడిటరు పిల్లల ఫీజులు గుర్తు చేయండి. అమెరికాలో బ్లెండ్‌టెక్ కంపెనీ ఓనరు 2007లో కెమెరా ముందే ఐఫోన్‌ను బ్లెండర్లో వేసి పొడి చేశాడు. కన్నీళ్లు పెట్టే అమ్మ అవసరమే పడలేదు, నటీనటులకు అంతకన్నా అన్యాయం ఉంటుందా?

4. ‘5 సెకన్లలో ఊరిబిండి’ అని తెలుగులో పెద్దక్షరాలతో వేసి, షరతులు మాత్రం ఇంగ్లీషులో చీమ తలకాయంత పెట్టండి. యాడ్ ఏ భాషలో ఉంటే షరతూ ఆ భాషలోనే ఉండాలని తప్పుదోవ పట్టించే యాడ్ల మీద కేంద్రం తెచ్చిన 2022 మార్గదర్శకాలు అంటాయి, అననివ్వండి. తప్పుదోవ పట్టించే యాడ్‌కు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మొదటిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు. ఆ జరిమానా మిక్సీ తయారుచేసిన కంపెనీ మీదో, సిఫారసు చేసినవాళ్ల మీదో పడుతుంది. అందుకే ఆ 5 సెకన్ల మాట అమ్మ వేషం వేసినావిడ చేత చెప్పించండి, మీ బిల్లు ముందే వసూలు చేసుకోండి.