లేనమ్మ గారి గోంగూర పచ్చడి

లోకంలో ఎక్కడా కనిపించని కాఫీ షాపులన్నీ కొత్త డిజైనర్ల పోర్ట్‌ఫోలియోల్లో ఉన్నాయి. కొన్నాళ్లుగా చూస్తున్నాను, ఎవరిది తెరిచినా అదే గోధుమరంగు కప్పు, అదే ఆకు గుర్తు, నాలుగక్షరాల ఇంగ్లీషు పేరు, గాలిలో తేలే కాగితం సంచి. ఈ అబ్బాయిది సదాశివపేట, ఆ అమ్మాయిది జహీరాబాద్, ఇద్దరూ ఒకే కప్పులో కాఫీ తాగినట్టున్నారు. మా వెలిమెల చుట్టూ విల్లాలు లేస్తున్నా, పొద్దున్నే మనిషి చేతిలో ఉండేది మాత్రం చాయ్ గ్లాసే.

కాఫీ మీద నాకు కోపం లేదు, ఆ షాపు ఓనరు మీదే. ఎంత మంచివాడో! ఫోన్ నంబరు పెద్దగా వెయ్యమనడు, తన ఫొటో పెట్టమనడు, ఎర్ర రంగు కావాలనడు. ప్రతిదానికీ తలూపుతాడు. అలాంటి క్లయింటు దొరికితే ఎవరైనా బొమ్మ గీస్తారు. తిప్పలు పెట్టే క్లయింటు కనబడకపోతే ఆ ప్రాజెక్టు ఉత్తదని చూసేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

నేను పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను, షిఫ్టు అయ్యాక ప్యాకేజింగ్ డిజైను నేర్చుకుంటున్నాను. చూపించడానికి పని లేదు. "మొదట్ల ఫ్రీగ చెయ్యన్నా, పేరొస్తది" అన్నారు తెలిసినవాళ్లు. ఫ్రీగా చేయించుకునేవాడు డబ్బులిచ్చేవాడికంటే ఎక్కువసార్లు మార్పిస్తాడు, చివరికి వాళ్ల బావమరిది గీసిందే వాడుకుంటాడు. ఆ పేరేదో బావమరిదికే రానీ. నేను క్లయింటునే సృష్టించుకున్నాను. ఆవిడ పేరు లేనమ్మ. ఊరు వెలిమెల, వ్యాపారం గోంగూర పచ్చడి. మనిషి లేదు గానీ గొణుగుడు మాత్రం గట్టిగా ఉండాలని ముందే రాసిపెట్టుకున్నాను: సీసా మార్చకూడదు, రెండే రంగులు, పేరు తెలుగులోనే, ముసలివాళ్లకు కూడా కనబడాలి.

సీసా బజారులో నిజంగానే కొన్నాను. ఇంటర్నెట్‌లో దొరికే తయారు బొమ్మకు మెడ వంపు ఉండదు, స్టిక్కరు ఎక్కడ ముడతపడుతుందో చెప్పదు. దారం చుట్టి కొలిస్తే చుట్టుకొలత 239 మిల్లీమీటర్లు. అంచు మీద అంచు పడటానికి మరో 6 కలిపితే లేబుల్ పొడవు 245, నిటారుగా ఉన్న భాగం ఎత్తు 70. కట్టింగులో కత్తి కాస్త జరిగినా తెల్లగీత పడకుండా నాలుగు వైపులా మూడేసి మిల్లీమీటర్ల బ్లీడ్. అంటే ఫైలు సైజు 251, 76.

తరువాత పదార్థాల పట్టిక. బరువులో ఏది ఎక్కువైతే అది ముందు రావాలని నియమం. మా అమ్మను అడిగాను, గోంగూర ఎంత, నూనె ఎంత అని.

"కొలత ఏంది బిడ్డా, చూసుకుంట వేసుడే."

"చూసుకుంట వేసేది లేబుల్ మీద ఎట్ల రాయాలె అమ్మా?"

"అట్లనే రాయి."

చివరికి వంటింట్లో కాటా పెట్టి, ఆమె వేసే ప్రతి పిడికిలినీ ఆపి తూచాను. అమ్మ దృష్టిలో అది అవమానం. నా దృష్టిలో ప్రాజెక్టులో మొదటి నిజమైన కాగితం అదే.

ఇక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు. పద్నాలుగు అంకెలు. ఏవో పద్నాలుగు కొట్టి పారెయ్యొచ్చు కదా అని మీరనుకుంటారు. నేనూ అనుకున్నాను, కానీ తీరా చూస్తే ప్రతి అంకెకూ ఒక కథ ఉంది. మొదటిది 1 అయితే లైసెన్సు, 2 అయితే చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్. లేనమ్మది ఏది? అది తేలాలంటే ఆమె అమ్మకాలు తెలియాలి. వారానికి ఎన్ని సీసాలు పెడుతుంది? ఒక్కతే పెడుతుందా, కోడలు సాయం చేస్తుందా? కోడలు చెయ్యదని తీర్మానించి 2 వేశాను. తర్వాతి రెండు రాష్ట్రానివి, మనకు 36. ఆ తర్వాతి రెండు సంవత్సరానివి. ఆమె ఎప్పుడు మొదలుపెట్టింది? కరోనాలో కొడుకు ఉద్యోగం పోయాక అయితే 20, కాస్త తేరుకున్నాక అయితే 21. కొడుకేమో తొందరపడేవాడు, ఆమేమో ఆలోచించే మనిషి. రాత్రి భోజనం చల్లారిపోయింది. మా ఆవిడ వెనక నుంచి చూసి, "లేనామెకు లైసెన్సు కూడానా?" అంది. లైసెన్సు కాదు, రిజిస్ట్రేషన్ అని సరిదిద్దాను. ఆ తరువాత ఆమె రెండు రోజులు మాట్లాడలేదు.

అంత చేసి ఆ నంబరు వెయ్యలేదు. నా లెక్కలు కుదిరి ఆ అంకెలు నిజంగా ఎవరివో అయితే, ఆ మనిషి గుర్తింపు నా సీసా మీదికి ఎక్కినట్టే. పద్నాలుగు సున్నాలు వేసి పక్కన 'నమూనా' అని రాశాను. కోడలు సాయం చేసినా చెయ్యకున్నా ఇప్పుడు తేడా లేదు.

మిగతావి త్వరగానే కుదిరాయి. 300 గ్రాములకు ఎమ్మార్పీ రూ.150, కాబట్టి గ్రాముకు రూ.0.50 అనీ వెయ్యాలి. పచ్చచుక్కకు కనీస వ్యాసం 3 మిల్లీమీటర్లు, చుట్టూ చతురస్రం భుజం దానికి రెట్టింపు. ఇవన్నీ పెట్టాక నేను ముచ్చటపడి గీసిన పెద్ద గోంగూర కొమ్మకు చోటు మిగల్లేదు, ఒక్క ఆకు మిగిలింది. డిజైను అప్పుడే బాగుపడింది.

పటాన్‌చెరులో ప్రింటు కొట్టే అన్న ఫైలు తెరిస్తే 'పచ్చడి' కాస్తా 'పచ్‌చడి' అయి కూర్చుంది. "గీ ఫాంటు మా సిస్టంల లేదు తమ్మీ, కర్వ్స్ చేసి తే" అన్నాడు. అక్షరాలను గీతలుగా మార్చి మళ్లీ ఇస్తే వత్తు దాని చోటికి చేరింది. మామూలు కాగితం స్టిక్కరు అంటించి, మూత దగ్గర నూనె కారనిచ్చాను. తెల్లారేసరికి కాగితం నూనె పీల్చి, వెనకున్న పచ్చడి కనబడేంత పలచబడింది. రెండోసారి లామినేషన్ చేయించాను, గుడ్డతో తుడిస్తే నూనె పోయింది. ఆ రెండు సీసాలనూ పక్కపక్కన కిటికీ దగ్గర పెట్టి తీసిన ఫొటోయే నా పోర్ట్‌ఫోలియోలో మొదటిది. కింద స్పష్టంగా రాశాను: సొంత ప్రాజెక్టు, క్లయింటు లేరు. అది దాచిపెడితే ఇంటర్వ్యూలో "ఆమె ఫోన్ నంబరివ్వండి" అన్న ఒక్క మాటకే దొరికిపోతాం.

ఇదంతా రాస్తుంటే ఒకటి కాస్త గుచ్చుకుంది. ఫ్యాక్టరీలో ఇన్నేళ్లుగా నేను చూసి సంతకం పెట్టిన సరుకు ఎక్కడెక్కడికో పోయింది. అందులో ఒక్కదాని ఫొటో నా దగ్గర లేదు. ఫోను గేటు దగ్గరే ఇచ్చి లోపలికి పోతాం, కాగితాలు బయటికి రానివ్వరు. ఈ బెల్టులో పనిచేసే వేలమంది సంగతీ ఇంతే, చేతిలో పని ఉంటుంది గానీ చూపించుకునే పని ఉండదు. నూనె కారనిచ్చి చూడాలన్న బుద్ధి నాకు ఏ డిజైను కోర్సూ నేర్పలేదు, ఆ గేటు లోపలే వచ్చింది. దాన్ని పదిమందికి చూపించాలంటే మాత్రం, లేని మనిషి పేరు మీద ఎవరూ అడగని పచ్చడి పెట్టాల్సి వచ్చింది.