పుట్టని ఆలోచనకు జాతకం

ఆవిష్కరణ దినం, అంటే రోజువారీ పని పక్కనపెట్టి ఉద్యోగులు సొంత ఆలోచనకు నమూనా కట్టి చూపే రోజు, ఆస్ట్రేలియాలోని అట్లాసియన్ సంస్థలో 24 గంటల గడువుతో నడిచేది. రాత్రికి రాత్రే సరుకు చేర్చాలన్న అర్థంలో దానికి తొలుత ఫెడెక్స్ డే అని పేరు పెట్టుకున్నారు. అదే దినానికి హైటెక్ సిటీ టీమ్ లీడ్ పంపే ఈమెయిల్‌లో మాత్రం "ఏ ఆలోచనా చిన్నది కాదు" అన్న వాక్యం కిందే 11 గడుల ఎక్సెల్ పత్రం జతపడి ఉంటుంది. ఇంకా పుట్టని ఆలోచన మూడేళ్లలో ఎంత ఆదా చేస్తుందో అందులో నింపాలి, మేనేజరు ఆమోదం తేవాలి, పైగా స్ప్రింటు, అనగా రెండు వారాలకు ఒప్పుకున్న పని, కుంటుపడరాదు కనుక నమూనాను శనివారం కట్టుకోవాలి. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నది పాత సామెత. ఇక్కడ సోమలింగం జీతం లెక్క కూడా అడుగుతున్నారు. నిరుడు ఈ దినాన గెలిచిన క్యాంటీన్ టోకెన్ల యాప్ ఇంకా పరిశీలనలోనే ఉంది.