నాలుగు బొమ్మల స్వర్గం

పండక్కి ఊరొచ్చిన కొడుకు తిరుగు ప్రయాణానికి ముందు రోజు రాత్రి ఒక పుణ్యకార్యం చేసి వెళ్తాడు. నాన్న ఫోన్‌లో పెద్దవాళ్ల కోసమంటూ దొరికే లాంచర్ ఒకటి ఎక్కిస్తాడు. తెర నిండా ఉన్న గుర్తులు మాయమై, నాలుగు పెద్ద బొమ్మలు మిగులుతాయి: ఫోన్, వాట్సాప్, ఫొటోలు, టార్చి. "ఇక నీకే ఇబ్బందీ లేదు నాన్నా" అనేసి విమానం ఎక్కేస్తాడు.

ఇబ్బంది బొమ్మ నొక్కాక మొదలవుతుంది. ఆండ్రాయిడ్‌లో హోమ్ స్క్రీన్ కూడా ఒక యాప్ మాత్రమే. లాంచర్ దాన్ని మారుస్తుంది, అంతటితో దాని అధికారం సరి. పెద్ద వాట్సాప్ బొమ్మ వెనక ఉన్నది పాత వాట్సాపే. లాక్ పడిన ఫోన్‌కి వీడియో కాల్ వస్తే గుండ్రటి గుర్తును పైకి జరపాలి. దాన్ని నొక్కి నొక్కి విసిగిపోయిన తండ్రికి హోమ్ స్క్రీన్ అందం ఏం ఒరగబెడుతుంది? గడప కడిగి ముగ్గేసినంత మాత్రాన లోపలి మెట్లు తగ్గుతాయా!

నవంబర్ వచ్చిందంటే అసలు పరీక్ష. రిటైరైన కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లోంచే తన ఫోన్‌తో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు ఆధార్ ఫేస్ ఆర్‌డీ కూడా ఉండాలి. నాలుగు బొమ్మల్లో ఈ రెండూ లేవు. ఉన్నా, తన పెన్షన్ కోసమే అయినా ముందు ఆపరేటర్‌గా నమోదు కావాలి: ఆధార్ నంబరు, ఓటీపీ, కెమెరా ముందు ముఖం. ఆ తర్వాత పెన్షనర్‌గా మళ్లీ ఆధార్, మళ్లీ ఓటీపీ, పీపీఓ నంబరు, బ్యాంకు ఖాతా, మళ్లీ ముఖం. ఓటీపీ తెర పైన ఒక్క క్షణం మెరిసి పోతుంది. దాన్ని పెద్దది చేసే పని లాంచర్‌ది కాదు.

నిజంగా పనికొచ్చేవి లేకపోలేదు, కాకపోతే వాటికి హంగు తక్కువ. సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచితే చాలా యాప్‌లలో పెరుగుతుంది, పైసా ఖర్చు లేదు. శాంసంగ్ ఈజీ మోడ్‌లో పెద్ద గుర్తులకన్నా విలువైన ఏర్పాటు మరొకటుంది: వేలు ఒకటిన్నర సెకన్లు ఆనించి ఉంచితేగానీ అది 'గట్టిగా పట్టుకోవడం' కింద లెక్క కాదు. మామూలుగా అర సెకనే గడువు. వణికే వేలు కాస్త నిదానిస్తే చాలు, గుర్తు పక్కకు జరుగుతుంది, లేదా తొలగించమంటారా అని మెనూ లేస్తుంది. అవతల కొడుకేమో "నువ్వేం నొక్కావో చెప్పు" అంటాడు.

పైగా పెద్దాయన పొరపాటున ఏదీ మార్చకుండా కొడుకు లాంచర్ సెట్టింగ్స్‌కి పిన్ కూడా పెట్టి పోయాడు. పిన్ డాలస్‌లో ఉంది, ఫోన్ తణుకులో ఉంది. పక్కింటి కుర్రాడు ప్లే స్టోర్ ఎక్కడని వెతికి వెతికి, చివరికి ఫోన్ సెట్టింగ్స్‌లోంచి పాత హోమ్ స్క్రీన్ తెచ్చి, సర్టిఫికెట్ పని ముగించి వెళ్తాడు. ఏదో ఒక రోజు ఫోన్ తానే అడుగుతుంది, హోమ్‌గా ఏది కావాలని: Just once, Always. రెండూ ఇంగ్లిషులో, చిన్నక్షరాల్లో.